రాక్ బేస్ టోన్: చేయి, పికప్, తీగలు ఏ వరుసలో మార్చాలి?

బేస్ గిటారు మొదలుపెట్టి ఆరు నెలలో ఏడాదో గడిచాక దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. “ఫ్లాట్‌వౌండ్ తీగలు రాక్‌కు పనికివస్తాయా?” ఫ్లాట్‌వౌండ్ అంటే పైన చదునైన పట్టీ చుట్టిన తీగ, రౌండ్‌వౌండ్ అంటే గుండ్రని తీగ చుట్టినది. దాని వెంటే మరో రెండు ప్రశ్నలు వస్తాయి: పిక్ వాడాలా, వేళ్లతో వాయించాలా? ప్రెసిషన్ పికప్ మంచిదా, జాజ్ పికప్ మంచిదా?

మొదటిదానికి జవాబు సూటిగా చెప్పవచ్చు. పనికివస్తాయి. ఐరన్ మెయిడెన్‌లో స్టీవ్ హారిస్ దశాబ్దాలుగా ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలే వేసి, వేళ్లతోనే వాయిస్తున్నారు. ఆ టోన్ మెత్తగా, మొద్దుగా ఉంటుందని ఎవరూ అనలేరు. అంటే తీగ రకం ఒక్కటే టోన్‌ను తేల్చదు. మిగతా రెండు ప్రశ్నలకు జవాబు మీరే కనుక్కోవాలి. అందుకు సులువైన వరుస: ముందు చేయి, తరువాత పికప్, నాబ్‌లు, చివరికి తీగలు. చేయి మార్చడానికి ఖర్చు లేదు, నాబ్ తిప్పడానికీ లేదు. తీగలకు డబ్బు పడుతుంది. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, మొదటి రోజే తీగలు కొని, తరువాత నిరాశపడతారు.

ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. బ్యాండ్‌లో రెండు డిస్టార్షన్ గిటార్లు, డ్రమ్స్, గాయకుడు ఉన్నారు. పాట ఇ-లో ఉంది, వేగం నిమిషానికి 150 బీట్లు, బేస్ అంతా ఎనిమిదో స్వరాలు, అంటే సెకనుకు ఐదు మీట్లు. చేతిలో ఉన్నది ప్రెసిషన్ తరహా బేస్, దాని మీద మామూలు 45–105 మందం రౌండ్‌వౌండ్ తీగలు. ఫిర్యాదు ఒకటే: “ఇంట్లో బాగానే ఉంటుంది, బ్యాండ్‌లో మాత్రం బేస్ వినపడదు.”

కావలసినవి

- మీ బేస్, ట్యూనర్, మెట్రోనోమ్.
- నేరుగా రికార్డు చేసుకునే ఏర్పాటు: ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే మేలు. లేకపోతే ప్రాక్టీస్ గదిలో ఆంప్ ముందు ఒకే చోట పెట్టిన ఫోను చాలు. ఫోను మైకు అడుగు స్వరాలను సరిగా పట్టదు కాబట్టి పోల్చడానికే వాడండి, తుది తీర్పుకు కాదు.
- మంచి హెడ్‌ఫోన్.
- మూడు పిక్‌లు: ఒకటి 0.7 మి.మీ., ఒకటి 1 మి.మీ., ఒకటి 1.5 మి.మీ. దరిదాపు మందం.
- గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి, కత్తెర.
- తీగలు మార్చే దశకు: ఫ్లాట్‌వౌండ్ సెట్, వైర్ కట్టర్, మీ బేస్ మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్‌కు సరిపోయే ఆలెన్ కీ, మి.మీ. గుర్తులున్న స్కేలు, కేపో, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్.

1. ముందు ఇప్పటి టోన్‌ను రికార్డు చేయండి

ఎనిమిది బార్ల భాగం ఒకటి ఎంచుకోండి. అందులో ఖాళీ ఇ తీగ, మూడో ఫ్రెట్ జి, ఐదో ఫ్రెట్ ఏ, ఆపైన డి తీగ మీద రెండు మూడు స్వరాలు ఉండేలా చూడండి. ఇ తీగ ఒక్కదానితో పరీక్షిస్తే సగం సంగతే తెలుస్తుంది. బేస్ మీద టోన్ నాబ్ పూర్తిగా తెరవండి, ఆంప్ మీద నాబ్‌లన్నీ మధ్యలో పెట్టండి, ఎఫెక్ట్‌లు తీసేయండి. మెట్రోనోమ్‌తో వాయించి రికార్డు చేయండి.

ఇకముందు ప్రతి దశలోనూ ఈ ఎనిమిది బార్లే వాయించాలి. వేరే వాయిస్తే పోలిక చెడుతుంది. ఇంకో షరతు: పోల్చే ముందు రెండు రికార్డింగుల బిగ్గరతనాన్ని చెవికి సమానం చేయండి. కాస్త బిగ్గరగా ఉన్నది ఎప్పుడూ మంచిగానే వినిపిస్తుంది. పిక్‌తో వాయించినది మొదటి వినికిడిలోనే గెలిచినట్టు అనిపించడానికి తరచుగా ఇదే కారణం.

2. వేళ్లతో మూడు చోట్ల మీటి చూడండి

వేళ్లతో వాయించేవారు బొటనవేలిని పికప్ మీద ఆనించి, అక్కడే స్థిరపడిపోతారు. మీటే చోటు మారితే టోన్ ఎంత మారుతుందో చాలామంది ఓపిగ్గా విననే వినరు. ఒకే భాగాన్ని మూడు చోట్ల వాయించండి: మెడ చివర దగ్గర, పికప్ పైన, బ్రిడ్జికి నాలుగు వేళ్ల దూరంలో.

మెడ దగ్గర తీగ వదులుగా కదులుతుంది. అడుగు స్వరం లావుగా వస్తుంది, స్వరం మొదలు మెత్తబడుతుంది. బ్రిడ్జి దగ్గర తీగ బిగువుగా ఉంటుంది, అడుగు తగ్గుతుంది, పై హార్మోనిక్‌లు ముందుకు వస్తాయి. మన ఉదాహరణలోని బ్యాండ్‌లో, డిస్టార్షన్ గిటార్ల కింద మెడ దగ్గరి టోన్ దాదాపు ఎప్పుడూ మాయమవుతుంది. “బేస్ వినపడదు” అన్న ఫిర్యాదు కొన్నిసార్లు ఇక్కడే, చేతిని ఐదారు సెంటీమీటర్లు వెనక్కి జరపడంతోనే తీరిపోతుంది.

ఈ దశలో రెండు విషయాలు చూసుకోండి. మొదటిది, చూపుడు వేలు, మధ్య వేలు సమాన బలంతో మీటుతున్నాయా? రికార్డింగ్ తరంగాన్ని తెర మీద పెద్దది చేసి చూస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా కనిపిస్తుంది. సెకనుకు ఐదు మీట్ల దగ్గర ఆ తేడా వింటే కుంటుతున్న లయలా ఉంటుంది. రెండోది, గోరు తగులుతోందా? గోరు పెరిగి ఉంటే ప్రతి రెండో స్వరానికి చిన్న టిక్ శబ్దం చేరుతుంది. దాన్ని చాలామంది పికప్ దోషం అనుకుంటారు.

బలంగా మీటితే తీగ ఫ్రెట్‌లకు కొట్టుకుని లోహపు మోత వస్తుంది. హారిస్ టోన్‌లోని చురుకుదనం కొంత ఇలాంటి బలమైన వేళ్ల నుంచే పుడుతుంది. ఆ మోత కావాలంటే తీగ ఎత్తు తక్కువగా ఉండాలి, ప్రతి స్వరానికీ అదే బలం పడాలి. కొన్నింటికి మోగి కొన్నింటికి మోగకపోతే అది దోషంలాగే వినిపిస్తుంది.

3. తరువాత పిక్‌తో

ముందు 1 మి.మీ. పిక్ తీసుకోండి. వేళ్ల మధ్య నుంచి కొస కొద్దిగా మాత్రమే బయటికి ఉండాలి. ఎక్కువ బయటపెడితే పిక్ తీగకు చిక్కుకుని చేయి వెనకబడుతుంది. అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర ఉంచి, తీగలకు తగిలీ తగలనట్టు ఆనించండి. దీనితో స్వరం పొట్టిగా, గట్టిగా వస్తుంది. అరచేయి మరీ ముందుకు జారితే స్వరం చచ్చి ‘టక్’ మాత్రమే మిగులుతుంది. సరైన చోటు తెలుసుకోవలసింది చెవితోనే.

ఇప్పుడు అదే భాగాన్ని రెండు రకాలుగా వాయించండి. ఒకసారి అన్నీ కిందికే కొట్టండి, ఒకసారి కిందికీ పైకీ మార్చి మార్చి కొట్టండి. రామోన్స్‌లో డీ డీ రామోన్ వాయించిన తీరు మొదటిది: ప్రతి స్వరానికీ ఒకే బరువు, సందు లేని ఒత్తిడి. 150 వేగంలో అన్నీ కిందికి కొట్టడం కొద్ది వారాల సాధనతో సాధ్యమే. 180 దాటితే మణికట్టు మీద భారం పెరుగుతుంది. నొప్పి మొదలైతే ఆపి, మార్చి కొట్టే పద్ధతికి వెళ్లండి. మార్చి కొట్టేటప్పుడు పైకి వచ్చే మీటు బలహీనంగా ఉండటం సర్వసాధారణ లోపం. బీటు మీద పడేవి పెద్దవిగా, మధ్యవి చిన్నవిగా వినిపిస్తాయి. కొన్ని పాటలకు అది నప్పుతుంది కూడా. కానీ మీరు కావాలని చేస్తున్నారా, చేతకాక వస్తోందా అన్నది తెలిసి ఉండాలి.

0.7 మి.మీ. పిక్‌తో క్లిక్ ఎక్కువ, ఒళ్లు తక్కువ. 1.5 మి.మీ.తో క్లిక్ తగ్గి స్వరం బరువెక్కుతుంది. పిక్‌ను తీగకు సమాంతరంగా పెట్టి కొట్టినప్పుడు శుభ్రంగా ఉంటుంది. ఏటవాలుగా పెడితే రౌండ్‌వౌండ్ తీగల గాట్ల మీద గీరుకుని ‘జ్రక్’ మంటుంది. యెస్ బృందంలో క్రిస్ స్క్వైర్ రికెన్‌బ్యాకర్ 4001 మీద పిక్‌తో, రౌండ్‌వౌండ్ తీగలతో వాయించిన టోన్ విన్నవారికి ఈ గరుకు ఎంత ముందుకు దూసుకురాగలదో తెలుసు.

పిక్ పట్టడం వేళ్లు రానివాళ్ల పని అని ఇప్పటికీ కొందరు అంటుంటారు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో లెక్కలేనన్ని రికార్డులకు బేస్ వాయించిన కరోల్ కే చేతిలో ఉన్నది పిక్కే, బేస్ మీద ఉన్నవి ఫ్లాట్‌వౌండ్ తీగలే. ఆ మాట అక్కడితో వదిలేద్దాం.

4. పికప్, నాబ్‌లు

ఈ పాటికి మీ చేతిలో రెండు మూడు మంచి రికార్డింగులు ఉంటాయి. పికప్ గురించి ఇప్పుడు ఆలోచించాలి. బేస్ మార్చమని అనడం లేదు. మీ దగ్గర ఉన్నదాని స్వభావం తెలిస్తే చాలు.

ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలుగా ఉంటుంది: ఒక ముక్క ఇ, ఏ తీగల కింద, రెండోది డి, జి తీగల కింద. ఫెండర్ 1951లో తెచ్చిన మొదటి ప్రెసిషన్‌లో ఇలా ఉండేది కాదు. ఈ రూపం 1957లో వచ్చింది. రెండు ముక్కలూ ఒకదాని హమ్‌ను మరొకటి రద్దు చేస్తాయి. దీని బలమంతా మధ్య స్వరాల్లో ఉంది. అందుకే గిటార్ల గోడలోంచి ఇది బయటికి వినిపిస్తుంది. రాక్‌కు ఒకే బేస్ కొనాలంటే ఏది అని అడిగితే నా జవాబు ఎప్పుడూ ఇదే.

1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు ఉంటాయి. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే హమ్ పోతుంది, కానీ మధ్య స్వరాలు కూడా కొంత లోపలికి పోతాయి. ఇంట్లో ఒంటరిగా వింటే ఆ టోన్ చాలా అందంగా ఉంటుంది. బ్యాండ్‌లో తప్పిపోతుంది. ముందు పికప్‌ను కొద్దిగా తగ్గించి చూడండి: బ్రిడ్జి పికప్ గుర్రుమంటూ బయటపడుతుంది. హమ్ కాస్త తిరిగి వస్తుంది, అది భరించాలి. బ్రిడ్జి పికప్‌ను ఒంటరిగా పెడితే హమ్ ఇంకా ఎక్కువ, అడుగు ఇంకా తక్కువ. నాలుగు బార్ల విడి భాగానికి బాగుంటుంది, పాట మొత్తానికి పలచన.

రెండూ కలిసిన పీ-జే బేస్ ఉన్నవారు ప్రెసిషన్ పికప్‌ను పూర్తిగా తెరిచి, జాజ్ పికప్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఎక్కడో ఒకచోట టోన్‌కు అంచు వస్తుంది. అక్కడి నుంచి ఇంకా పెంచితే మధ్యలో డొల్ల పడుతుంది. ఆ డొల్లకు ముందే ఆగండి.

1976లో మొదలైన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే తరహా హంబకర్ బేస్‌లలో సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉంటుంది. అడుగు, పై స్వరాలు రెండూ దండిగా వస్తాయి. వీటిలో బేస్, ట్రెబుల్ నాబ్‌లు రెంటినీ పూర్తిగా పెంచే అలవాటు ఉంటే మానుకోండి, మధ్య స్వరాలు అడుగున పడిపోతాయి. వాయించడం అయ్యాక కేబుల్ ఊడదీయకపోతే బ్యాటరీ అయిపోతుంది. టోన్ ఉన్నట్టుండి బొంగురుపోయి గరగరలాడితే మొదట చూడవలసింది అదే బ్యాటరీని.

టోన్ నాబ్ గురించి ఒక్క మాట. రౌండ్‌వౌండ్ తీగలు వేసి ఆ నాబ్‌ను సగానికి తగ్గిస్తే ఫ్లాట్‌వౌండ్ అవుతుందని అనుకుంటారు. కాదు. నాబ్ స్వరం మొదలు నుంచి చివరి దాకా పై స్వరాలను ఒకేలా కోస్తుంది. ఫ్లాట్‌వౌండ్‌లో స్వరం మొదట్లో గట్టి దెబ్బ ఉంటుంది, పై స్వరాలు త్వరగా ఆరిపోయి అడుగు మిగులుతుంది. ఆ దెబ్బను నాబ్ ఇవ్వలేదు.

5. ఫ్లాట్‌వౌండ్ కొనే ముందు స్పాంజి పరీక్ష

స్పాంజి నుంచి ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ కత్తిరించి, బ్రిడ్జి పక్కన తీగల కింద దూర్చండి. అది తీగల్ని కింది నుంచి తాకాలి, పైకి నెట్టకూడదు. నెడితే శ్రుతి జరుగుతుంది. ఇప్పుడు 1 మి.మీ. పిక్‌తో ఆ ఎనిమిది బార్లు వాయించండి.

స్వరం పొట్టిగా, గుండ్రంగా, దెబ్బతో మొదలవుతుంది. ఇది ఫ్లాట్‌వౌండ్ టోన్ కాదు, దాని పొలిమేర. డెట్రాయిట్ మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ ప్రెసిషన్ బేస్‌కు బ్రిడ్జి మూత కింద ఫోమ్ ఉండేది, తీగలు ఫ్లాట్‌వౌండ్. ఆయన వాటిని తెగితే తప్ప మార్చేవారు కాదు, చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవారు. అది రాక్ కాదు కానీ 1960ల రాక్ బేస్ వాయిద్యకారులు చాలామంది చెవి పెట్టి విన్నది ఆ టోన్‌నే.

స్పాంజితో వచ్చిన రికార్డింగ్ మీ పాటకు నచ్చితే ముందుకు వెళ్లండి. స్వరాలు సాగుతూ ఉండాలి, తీగ గరుకు వినపడాలి అనుకుంటే మీకు రౌండ్‌వౌండ్‌లే కావాలి. 1960ల నడుమ ద హూ బృందం బేసిస్ట్ జాన్ ఎంట్‌విసిల్ రోటోసౌండ్‌తో కలిసి పనిచేసి కొత్త రౌండ్‌వౌండ్ తీగలు తయారు చేయించుకున్నది ఆ పియానో లాంటి మెరుపు కోసమే. ఆ టోన్ కావలసినవారికి ఫ్లాట్‌వౌండ్ అమ్మడం అన్యాయం. కొత్త రౌండ్‌వౌండ్ సెట్ వేసుకుని, మొదటి నాలుగు దశలతో ఆగిపోండి.

6. సెట్ ఎంచుకోవడం

మూడు విషయాలు చూడాలి.

పొడవు: మామూలు బేస్ 34 అంగుళాల స్కేలు, దానికి లాంగ్ స్కేల్ సెట్. హాఫ్నర్ వంటి 30 అంగుళాల బేస్‌కు షార్ట్ స్కేల్ సెట్ కొనాలి. పొడవైన ఫ్లాట్‌వౌండ్‌ను పొట్టి బేస్‌కు వేస్తే, సన్నని కొసకు బదులు నిండు మందం ఉన్న భాగం ట్యూనర్ మేకుకు చుట్టుకుంటుంది. అక్కడ పైచుట్టు విచ్చుకుంటుంది, తీగ తెగవచ్చు కూడా.

బిగువు: ఒకే మందం ఉన్నా ఫ్లాట్‌వౌండ్ తరచుగా రౌండ్‌వౌండ్ కంటే ఎక్కువ బిగువుగా ఉంటుంది. కంపెనీని బట్టి ఇది చాలా మారుతుంది. డడారియో క్రోమ్స్ బిగువైనవి, టోన్ కూడా ఫ్లాట్‌వౌండ్‌లలో చురుకైనది. టోమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్ మెత్తనివి, వేలి కింద వంగుతాయి. పిక్‌తో గట్టిగా కొట్టే రాక్‌కు నేను మొదటిదాన్నే సూచిస్తాను. బలంగా కొట్టినప్పుడు మెత్తని తీగ శ్రుతి పైకి ఎగిరి దిగుతుంది. వేళ్లతో వాయించేవారికి రెండోది సుఖం.

మందం: ఇప్పుడున్న 45–105కు దగ్గరగా ఉన్న సెట్ తీసుకోండి. జేమర్సన్ పేరు చెప్పి 52–110 వంటి లావు సెట్ కొంటే నట్ గాడిలో ఇ తీగ దిగదు, మెడ మీద లాగుడు పెరుగుతుంది. గాడిని అరగదీయడం చేయి తిరిగినవారు చేయవలసిన పని. ఎక్కువ అరిగితే నట్ కొత్తది వేయాలి.

ధర రౌండ్‌వౌండ్‌కు రెట్టింపో, అంతకు మించో ఉంటుంది. మన ఊళ్ల దుకాణాల్లో తరచుగా దొరకవు, తెప్పించుకోవాలి. అయితే విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవారికి లెక్క వేరుగా తేలుతుంది. చెమట, మురికి చేరడానికి ఫ్లాట్‌వౌండ్‌కు గాట్లు లేవు, చాలా సెట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి. రౌండ్‌వౌండ్ సెట్లు రెండు మూడు పారేసేలోపు ఇవి ఇంకా బాగానే ఉంటాయి.

7. తీగలు వేయడం

ఒకసారికి ఒక తీగే మార్చండి, మెడ మీద లాగుడు ఒక్కసారిగా పోకుండా ఉంటుంది. తీగను బ్రిడ్జి వెనక నుంచి ఎక్కించండి. బేస్ ఒంట్లోంచి తీగ వచ్చే రకం అయినా బ్రిడ్జి వెనక రంధ్రాలు ఉంటే వాటినే వాడండి. నిటారు మలుపులో ఫ్లాట్‌వౌండ్ దెబ్బతింటుంది.

తీగను ట్యూనర్ దాకా లాగి, దాన్ని దాటి 12 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు జాగ్రత్త: ముందు వంచాలి, తరువాతే కోయాలి. గుర్తు దగ్గర లంబకోణంలో గట్టిగా వంచి, ఆ మలుపు తరువాత ఒక సెంటీమీటరు వదిలి కోయండి. వంచకుండా కోస్తే పైన చుట్టిన పట్టీ లోపలి తీగ మీద జారిపోతుంది. తీగ తెగకుండానే చచ్చిపోతుంది: శ్రుతి నిలవదు, స్వరం మూగబోతుంది, దాన్ని బాగుచేసే దారి లేదు.

వంచిన కొసను మేకు మధ్య రంధ్రంలో పెట్టి, చుట్లు కిందికి దిగేలా రెండు మూడు వేయండి. చుట్టేటప్పుడు తీగను మెలి తిప్పకండి. నాలుగూ వేసి శ్రుతి చేశాక, ప్రతి తీగనూ శాడిల్ ముందు, నట్ ముందు వేలితో మెల్లగా కిందికి నొక్కండి. వంపు నిఠారై స్వరం శుభ్రపడుతుంది. ఒక రాత్రి అలా వదిలేసి, మరునాడు మళ్లీ శ్రుతి చేసి అప్పుడు తరువాతి దశకు వెళ్లండి.

8. మెడ, ఎత్తు, స్వరస్థానం సరిచూడటం

బిగువు పెరిగితే మెడ ముందుకు వంగుతుంది. మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టి, మెడ ఒంటితో కలిసే చోట ఇ తీగను నొక్కి, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు కొలవండి. దాదాపు 0.3 మి.మీ. ఉండాలి. ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్‌ను గడియారం ముల్లు దిశలో పావు చుట్టు, అంతకు మించకుండా బిగించి మళ్లీ శ్రుతి చేసి కొలవండి. కీ గట్టిగా ఎదురుతిరిగితే అక్కడే ఆపి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. రాడ్ విరిగితే బాగుచేసే ఖర్చు ఎన్నో తీగల సెట్ల కంటే ఎక్కువ.

తరువాత 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు చూడండి. 2.4 మి.మీ. మంచి మొదలు. పిక్‌తో బలంగా కొట్టేవారు కాస్త పెంచుకోవచ్చు. పికప్ మరీ దగ్గరగా ఉంటే దాని అయస్కాంతం తీగను లాగి స్వరం వంకరపోతుంది. చివరి ఫ్రెట్ నొక్కి చూస్తే ఇ వైపు 3 మి.మీ., జి వైపు 2 మి.మీ. దరిదాపు సందు ఉండాలి.

చివరికి స్వరస్థానం. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌నూ, అదే ఫ్రెట్ నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను వెనక్కి, తక్కువ చూపిస్తే మెడ వైపుకు జరపండి. ఈ పని చేయనివారే ఎక్కువ. ఆ తరువాత పై ఫ్రెట్లలో గిటార్లతో శ్రుతి కలవక, నింద ఫ్లాట్‌వౌండ్ తీగల మీద వేస్తారు.

9. బ్యాండ్‌లో పెట్టి చూడండి

టోన్ నాబ్ పూర్తిగా తెరవండి. ఫ్లాట్‌వౌండ్ మీద దాన్ని తగ్గించవలసిన పని రాక్‌లో దాదాపు ఉండదు. ఆంప్‌లో 250 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా తగ్గించండి, 800 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా పెంచండి. మూడేసి డెసిబెల్‌లతో మొదలుపెట్టండి. బేస్ వినపడటం లేదని అడుగు స్వరాలు పెంచడం మాత్రం చేయకండి. ఖాళీ ఇ తీగ మూలస్వరం 41 హెర్ట్జ్. ఆ ప్రాంతంలో కిక్ డ్రమ్ కూడా ఉంది. అక్కడ పెంచితే గది అదురుతుంది, స్వరం మాత్రం తెలియదు.

ఫ్లాట్‌వౌండ్‌కు తక్కువైన పై స్వరాలను తిరిగి తెచ్చే మంచి మార్గం కొద్దిపాటి ఓవర్‌డ్రైవ్. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా కొడితే మాత్రమే గరుకు వచ్చేంత పెట్టండి. పెడల్‌లో శుభ్రమైన ధ్వనిని కలిపే నాబ్ ఉంటే సగానికి ఉంచండి, అడుగు పోకుండా ఉంటుంది. నాకు నచ్చిన రాక్ బేస్ టోన్ ఇదే: ప్రెసిషన్ పికప్, ఫ్లాట్‌వౌండ్, పిక్, పైన పలచని డ్రైవ్.

మన ఉదాహరణలోని పాటకు చివరికి తేలేది ఇలా ఉంటుంది. చరణంలో పిక్, అరచేతి ఒత్తిడి, స్పాంజి లేకుండా. గిటార్లు పూర్తిగా తెరుచుకునే పల్లవిలో అరచేయి ఎత్తేసి, పిక్‌ను బ్రిడ్జి వైపు రెండు వేళ్లు జరపాలి. తీగలు, నాబ్‌లు మారవు, చేయి ఒక్కటే మారుతుంది.

సరిచూసుకోవడం ఎలా

బ్యాండ్ మొత్తం వాయించిన రికార్డింగ్‌ను ముందు హెడ్‌ఫోన్‌లో, తరువాత ఫోను స్పీకర్‌లో వినండి. ఫోను స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలికించలేదు. అయినా బేస్ ఏ స్వరం వాయిస్తోందో మీరు గుర్తుపట్టగలిగితే హార్మోనిక్‌లు సరిపడా ఉన్నాయని అర్థం. గుర్తుపట్టలేకపోతే మధ్య స్వరాలు పెంచండి, లేదా చేతిని బ్రిడ్జి వైపు జరపండి. ఆ తరువాత బేస్ ట్రాక్‌ను మ్యూట్ చేసి వినండి. పాట కింద నేల జారిపోయినట్టు అనిపించాలి. పెద్దగా తేడా తెలియలేదంటే బేస్ లేనట్టే.

ఒంటరిగా వింటే ఈ టోన్ కొంచెం ముక్కుతో పలికినట్టు, గరుకుగా ఉండవచ్చు. దాన్ని ఇంట్లో మృదువుగా దిద్దుకోవద్దు. గిటార్లు మొదలయ్యాక ఆ గరుకే వినిపిస్తుంది.

తరచుగా వచ్చే ఇబ్బందులు

*ఫ్లాట్‌వౌండ్ వేశాక ఒక తీగ మాత్రమే మూగగా ఉంది.* వంచకుండా కోశారేమో, చుట్టేటప్పుడు మెలి పడిందేమో చూడండి. కొస జారి ఉంటే ఆ తీగ మార్చాల్సిందే. మెలి పడితే వదులు చేసి, మెలి విప్పి మళ్లీ చుట్టండి.

*కొత్త ఫ్లాట్‌వౌండ్ మరీ మెరుస్తోంది, అనుకున్న మొద్దు టోన్ రాలేదు.* కొత్తలో అంతే. రోజూ వాయిస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. హారిస్ తరహా చురుకు కావాలనుకునేవారికి నచ్చేది ఆ కొత్తదనమే, వారు తరచుగా మార్చుకోవాలి.

*పిక్‌తో బిగ్గరతనం ఎగుడుదిగుడుగా ఉంది.* కంప్రెసర్‌ను 4:1 నిష్పత్తితో, అటాక్ 20 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య పెట్టండి. గట్టి స్వరాలకు మీటరు మూడు నాలుగు డెసిబెల్‌లు తగ్గితే చాలు. అటాక్ మరీ తక్కువ పెడితే పిక్ దెబ్బే పోతుంది.

*పాత తీగలను మరిగించి వాడవచ్చా?* రౌండ్‌వౌండ్‌ను కొందరు మరిగించి గాట్లలోని మురికి వదిలిస్తారు, ఆ మెరుపు కొద్ది రోజులే. ఫ్లాట్‌వౌండ్‌ను మరిగించకండి. వాయించాక పొడిగుడ్డతో తుడవడం చాలు. 12వ ఫ్రెట్ దగ్గర స్వరస్థానం ఎంత సరిచేసినా నిలవడం లేదంటే అప్పుడు సెట్ మార్చండి. తీసిన రౌండ్‌వౌండ్ తీగలు బాగుంటే చుట్టగా చుట్టి, ఏది ఏ తీగో చీటీ రాసి కేసులో పెట్టుకోండి. కచేరీలో తీగ తెగితే ఆ రాత్రికి పని నడుస్తుంది.